ఒక సెమిస్టర్ నోట్స్‌ను చిన్న నోట్‌లుగా విడదీసి ముడివేసిన క్రమం: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఒక ఇంజనీరింగ్ కళాశాల గ్రంథాలయంలో విద్యార్థులకు నోట్స్ రాసుకోవడంలో, రాసుకున్నదాన్ని తిరిగి వెతుక్కోవడంలో సాయపడే బాధ్యత నాది. ఇక్కడ రాస్తున్న కేసు కంప్యూటర్ సైన్స్ మూడవ సంవత్సరం మొదటి సెమిస్టర్ చదువుతున్న ఒక విద్యార్థినిది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. ఈ కేసులో రెండు ప్రయత్నాలు విఫలమయ్యాయి, వాటిలో రెండవది నా సలహా వల్లే విఫలమైంది. ఆ వైఫల్యాల కారణాలు చివరికి పనిచేసిన పద్ధతి కన్నా ఎక్కువ నేర్పాయి కాబట్టి వాటిని వివరంగా రాస్తున్నాను.

ఆమె నా దగ్గరకు వచ్చేసరికి సెమిస్టర్ పరీక్షలకు సుమారు ఐదు వారాలు ఉంది. నోట్స్ తక్కువై ఇబ్బంది పడే విద్యార్థిని కాదు ఆమె. ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు ఒక లాంగ్ నోట్‌బుక్, డీబీఎంఎస్‌కు సగం నోట్‌బుక్‌తో పాటు నలభై పేజీల వర్డ్ ఫైల్, నెట్‌వర్క్స్‌కు వాట్సాప్ గ్రూపులో వచ్చిన పీడీఎఫ్‌లు, వీటన్నిటి పైన బోర్డు మీద రాసినవాటిని ఫోనుతో తీసిన అరవైకి పైగా ఫోటోలు ఉన్నాయి. ఫోటోల పేర్లన్నీ ఫోను పెట్టిన తేదీ, సమయాల అంకెలే.

సమస్య

మొదటి రోజు ఆమె అన్న మాట ఇది: "మేడమ్, ఇది నేను రాసుకున్నానని తెలుసు, ఎక్కడ రాసుకున్నానో తెలియదు." ఈ మాట చాలామంది అంటారు. అయితే సమస్య వెతకడంలోనే ఉందా, ఇంకెక్కడైనా ఉందా అన్నది తేల్చకుండా పని మొదలుపెట్టడం మంచిది కాదు. అందుకని పాత ప్రశ్నపత్రం నుంచి ఒక ప్రశ్న తీసుకుని, నా ఎదుటే జవాబుకు కావలసిన భాగాలన్నీ బయటికి తీయమన్నాను. డెడ్‌లాక్‌ను, అంటే ప్రాసెస్‌లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోయే స్థితిని, గుర్తించే పద్ధతి గురించిన ప్రశ్న అది.

ఆపరేటింగ్ సిస్టమ్స్ నోట్‌బుక్‌లో ఆమెకు ఒక పేజీ దొరికింది. ఏ ప్రాసెస్ ఏ వనరును పట్టుకుందో, దేని కోసం ఎదురుచూస్తోందో చూపే రిసోర్స్ అలొకేషన్ గ్రాఫ్‌లో సైకిల్ ఉన్నా డెడ్‌లాక్ ఉండకపోవచ్చునని అందులో ఉంది. ఆ తర్వాత వర్డ్ ఫైల్‌లో వెతికితే, ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో చూపే వెయిట్-ఫర్ గ్రాఫ్‌లో సైకిల్ ఉంటే డెడ్‌లాక్ ఉన్నట్టేనని డీబీఎంఎస్ భాగంలో దొరికింది. రెండూ ఆమె రాసుకున్నవే, ఐదు వారాల తేడాతో. రెండూ నిజమే కూడా. కానీ ఆమె వాటిని ఆ రోజు వరకు ఎప్పుడూ పక్కపక్కన చూడలేదు కాబట్టి, ఒకదానికొకటి విరుద్ధంగా కనబడుతున్నాయన్న సంగతే ఆమె దృష్టికి రాలేదు. వెతకడం కష్టమవడం పైకి కనిపించే లక్షణం మాత్రమే. అసలు లోపం ఒకదానితో ఒకటి తేల్చుకోవలసిన రెండు మాటలు వేరువేరు పుస్తకాల్లో ఉండిపోవడం. చిన్న నోట్‌లు, లింకులు ఈ లోపాన్ని సరిచేయగలవన్న నమ్మకంతోనే ఈ పద్ధతి ఎంచుకున్నాను.

ఆమె అప్పటికే వాడుతున్న అబ్సిడియన్ అనే నోట్స్ యాప్‌నే కొనసాగించడానికి ఒక్కటే ప్రధాన కారణం. అది ప్రతి నోట్‌ను కంప్యూటర్‌లోని మామూలు ఫోల్డర్‌లో ఒక సాదా టెక్స్ట్ ఫైల్‌గా దాస్తుంది. పని చెడిపోతే ఫోల్డర్ నకలు తెచ్చుకుని వెనక్కి వెళ్లవచ్చు. ఈ జాగ్రత్త తర్వాత నిజంగానే అక్కరకు వచ్చింది.

మొదటి ప్రయత్నం: ఉన్నదంతా తెచ్చి ట్యాగులు వేయడం

నా దగ్గరకు రాకముందే ఆమె ఒక ప్రయత్నం చేసింది. వర్డ్ ఫైల్‌ను యూనిట్ల వారీగా యాప్‌లో అతికించి, ఒక్కో ఫైల్ పైన తోచిన ట్యాగులన్నీ వేసింది. నేను చూసేసరికి ట్యాగుల జాబితాలో నూటికి పైగా పేర్లు ఉన్నాయి. `#deadlock`, `#deadlocks` రెండూ ఉన్నాయి; యాప్ దృష్టిలో అవి రెండు వేరు ట్యాగులు. `#imp`, `#important`, `#vvimp` మూడూ ఉన్నాయి. `#imp` మీద నొక్కితే దాదాపు ఫైళ్లన్నీ వచ్చేవి.

ఇక్కడ రెండు తప్పులు కలిసి ఉన్నాయి. మొదటిది, ఎనిమిది పేజీల ఫైల్ పైన వేసిన ట్యాగు ఆ ఫైల్ వరకే తీసుకెళుతుంది. కావలసిన మాట అందులో ఏ మూలన ఉందో మళ్లీ చదివి పట్టుకోవలసిందే. రెండవది మరింత లోతైనది. విషయం పేరునే ట్యాగుగా వేసినప్పుడు, ఆ పేరు ఉన్న నోట్‌లన్నీ ఒక కుప్పగా వస్తాయే తప్ప, వాటిలో దేనికి దేనితో ఏ సంబంధమో ట్యాగు చెప్పదు. రిసోర్స్ అలొకేషన్ గ్రాఫ్, వెయిట్-ఫర్ గ్రాఫ్ రెండింటికీ `#deadlock` వేసినా ఆమెకు కలిగిన చిక్కు అలాగే ఉండేది.

రెండవ ప్రయత్నం: శీర్షికల దగ్గర కోసేయడం

మార్పు ఎక్కడ మొదలుపెట్టాలన్నప్పుడు నేను సులువైన దారి చూపాను. యాప్‌లో నోట్ కంపోజర్ అనే సదుపాయం ఉంది. ఎంచుకున్న భాగాన్ని కొత్త నోట్‌గా విడదీసి, పాత చోట దానికి లింకు ఉంచుతుంది. ప్రతి ఉపశీర్షిక దగ్గరా కోసి, నోట్‌లో వచ్చిన ప్రతి సాంకేతిక పదానికీ లింకు వేయమన్నాను. మొదలుపెట్టే ముందు ఫోల్డర్ మొత్తాన్ని తేదీ పేరుతో నకలు తీయించాను. శని, ఆదివారాల్లో ఆమె మూడు వందలకు పైగా నోట్‌లు చేసింది. నోట్‌లను చుక్కలుగా, లింకులను గీతలుగా చూపే గ్రాఫ్ వ్యూ తెరిస్తే అవి దట్టంగా అల్లుకుని, పని బాగా జరిగినట్టే కనిపించింది.

సోమవారం మళ్లీ పాత ప్రశ్నలు మూడు ఇచ్చాను. మొదటి ప్రశ్నకే పద్ధతి చేతులెత్తేసింది. `Conditions` అన్న నోట్ దొరికింది, కానీ దేని కండిషన్లో పేరును బట్టి తెలియదు; తెరిస్తే నార్మల్ ఫామ్‌లవి. డెడ్‌లాక్‌వి `Conditions 1`లో ఉన్నాయి. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండకూడదు కాబట్టి, రెండవదానికి ఆ అంకె చేరింది. `Advantages`కు అలాంటివి ఏడు ఉన్నాయి. పుస్తకంలో ఉపశీర్షిక పైనున్న అధ్యాయం పేరును ఆసరా చేసుకుని బతుకుతుంది. అక్కడి నుంచి కోసి బయట పడేస్తే దానికి సొంత అర్థం మిగలదు.

లింకుల సంగతి అంతకన్నా అన్యాయంగా ఉంది. బ్యాక్‌లింక్ అంటే, ఈ నోట్‌ను ఇంకే నోట్‌లు ప్రస్తావిస్తున్నాయో యాప్ దానంతటదే చూపే జాబితా. `Process` నోట్ తెరిస్తే ఆ జాబితాలో ఎనభైకి పైగా వరుసలు వచ్చాయి. ప్రాసెస్ అన్న పదం ఆపరేటింగ్ సిస్టమ్స్ నోట్స్‌లో రాని పేజీ ఉండదు కదా. పదం వచ్చిన ప్రతిచోటా లింకు వేస్తే, ఫోల్డర్ అంతా వెతికితే వచ్చేదే లింకుల్లోనూ వస్తుంది. లింకు అనేది రాసేవారు ఆలోచించి చేసిన ఒక నిర్ణయం అయినప్పుడే బ్యాక్‌లింక్‌కు విలువ ఉంటుందన్నది నాకు ఆ ఎనభై వరుసలు చూశాక స్పష్టంగా అర్థమైంది.

ఆ మూడు వందల నోట్‌లను సరిచేయాలా, వదిలేయాలా అన్నది తర్వాతి నిర్ణయం. రెండు రోజుల కష్టం పోతుందని ఆమె బాధపడింది. కానీ ప్రతి నోట్‌కు పేరు మార్చి, అనవసరమైన లింకులు తీసేయడం మళ్లీ రాయడం కన్నా ఎక్కువ పని. పైగా తప్పుడు కోతల ఆకారం అలాగే ఉండిపోతుంది. శుక్రవారం నాటి నకలుకు తిరిగి వెళ్లాం.

పనిచేసిన పద్ధతి

మూడవసారి నోట్స్ నుంచి మొదలుపెట్టలేదు, ప్రశ్నల నుంచి మొదలుపెట్టాం. పాత ప్రశ్నపత్రంలోని ప్రశ్న ఒకటి చదివి, ఆమెను నోటితో జవాబు చెప్పమన్నాను. ఆమె చెబుతుంటే, ఒక్కో వాక్యంలో ఒక్కో పూర్తి సంగతి తేలిన చోటల్లా ఆ వాక్యాన్నే కొత్త నోట్‌కు పేరుగా నేను టైప్ చేశాను. డెడ్‌లాక్ ప్రశ్నకు వచ్చిన పేర్లలో రెండు ఇవి: "నాలుగు షరతుల్లో ఒక్కటి తప్పినా డెడ్‌లాక్ రాదు", "టూ-ఫేజ్ లాకింగ్ డెడ్‌లాక్‌ను ఆపలేదు".

పేరు ఒక పూర్తి వాక్యం కావడం వల్ల నోట్ ఎంత ఉండాలన్న ప్రశ్న దానంతటదే తీరింది. పేరులోని మాటను నిలబెట్టడానికి ఎంత కావాలో అంతే రాయాలి. అది దాటితే అక్కడ మరో నోట్ పుడుతోందని అర్థం. ఎక్కువ నోట్‌లు ఐదు నుంచి పది వాక్యాల మధ్య ఆగాయి. అసలు విషయం కోసం పాత వర్డ్ ఫైల్ నుంచి, నోట్‌బుక్ నుంచి కావలసిన పాఠం తెచ్చుకున్నాం తప్ప, పాత ఫైల్‌ను ముక్కలు చేయలేదు. దాన్ని `old` అనే ఫోల్డర్‌లో అలాగే ఉంచాం.

లింకుకు ఒకే నియమం పెట్టాం: లింకు ఉన్న వాక్యంలోనే అది ఎందుకు ఉందో చెప్పాలి. "ఇవి కూడా చూడండి" అని చివర జాబితా పెట్టడం కుదరదు. ఈ నియమం ఏం చేసిందో ఆ గ్రాఫ్‌ల దగ్గరే తెలిసింది. వెయిట్-ఫర్ గ్రాఫ్ నోట్‌లో ఆమె మొదట ఇలా రాసింది:

```
---
aliases: [Wait-for graph]
tags: [src/dbms, st/doubt]
---
సైకిల్ ఉంటే డెడ్‌లాక్ ఖాయం. కానీ
[[RAG లో సైకిల్ ఉన్నా డెడ్‌లాక్ కాకపోవచ్చు]]
అని OS లో ఉంది. తేడా ఎందుకు?
```

జవాబు లేని ఆ ప్రశ్నను అలా వదిలేయడానికి ఆమె ఇష్టపడలేదు. రెండు నోట్‌లనూ పక్కపక్క పేన్‌లలో తెరిచి, బోర్డు ఫోటోలోని బొమ్మను చూస్తూ సుమారు ఇరవై నిమిషాలు కూర్చుంది. రిసోర్స్ అలొకేషన్ గ్రాఫ్‌లో ఒక రకం వనరుకు ఒకటికన్నా ఎక్కువ ప్రతులు ఉండవచ్చు. రెండు ప్రింటర్లు ఉంటే, వాటిని పట్టుకున్నవాళ్లలో ఎవరో ఒకరు వదిలితే ఎదురుచూసేవాడి పని జరిగిపోతుంది. ఆ వదిలేవాడు సైకిల్‌కు బయట ఉన్న ప్రాసెస్ అయితే సైకిల్ విడిపోతుంది. డేటాబేస్‌లో తాళం సంగతి వేరు. ఒక ట్రాన్సాక్షన్‌కు ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలంటే, దాన్ని పట్టుకున్న ట్రాన్సాక్షన్లు ఎన్ని ఉంటే అన్నీ వదలాలి. అందుకే అక్కడ సైకిల్ ఏర్పడితే తప్పించుకునే దారి ఉండదు. ఆమె రాసిన చివరి వాక్యం ఇప్పటికీ ఆ నోట్‌లో ఉంది: "అక్కడ ఎవరో ఒకరు వదిలితే చాలు, ఇక్కడ అందరూ వదలాలి." `st/doubt` ట్యాగును తీసి `st/ok` పెట్టింది. ఒక నోట్‌బుక్‌లో, ఒక వర్డ్ ఫైల్‌లో వారాల తరబడి పడివున్న రెండు వాక్యాలు ఆ మధ్యాహ్నం ఒక అవగాహనగా మారాయి.

అదే దారిలో మరొకటి వచ్చింది. వెయిట్-డై, వూండ్-వెయిట్ పద్ధతులను ఆమె నిర్వచనాలుగా బట్టీ పట్టి, ఏది ఏదో ప్రతిసారీ తారుమారు చేసేది. లింకుకు కారణం రాయవలసి వచ్చినప్పుడు, వాటిని ఆపరేటింగ్ సిస్టమ్స్‌లోని వనరులకు వరుస సంఖ్యలిచ్చే పద్ధతికి ముడివేసింది. అక్కడ ప్రాసెస్‌లు వనరులను పెరిగే సంఖ్యల క్రమంలోనే అడగాలి కాబట్టి సైకిల్ ఏర్పడదు. వెయిట్-డైలో పాత ట్రాన్సాక్షన్ మాత్రమే కొత్తదాని కోసం ఎదురుచూస్తుంది. కొత్తది పాతదాని తాళం అడిగితే వెనక్కి పోయి, తన పాత టైమ్‌స్టాంప్‌తోనే మళ్లీ మొదలవుతుంది. వూండ్-వెయిట్‌లో ఇది తలకిందులు: పాతది అడిగితే కొత్తదాన్ని వెనక్కి పంపేస్తుంది, కొత్తది అడిగితే ఎదురుచూస్తుంది. రెంటిలోనూ ఎదురుచూపు బాణాలన్నీ వయసును బట్టి ఒకే దిశలో ఉంటాయి, అందుకే సైకిల్ మూసుకోదు. "అక్కడ వరుస వనరులకు, ఇక్కడ వరుస ఎదురుచూసేవాళ్లకు" అని ఆమె లింకు పక్కన రాసింది. ఆ తర్వాత ఆమె ఆ రెండింటినీ తారుమారు చేయడం నేను చూడలేదు.

ట్యాగులు, సూచిక నోట్‌లు

ట్యాగులను విషయాలకు వాడకూడదని నిర్ణయించాం, ఎందుకంటే ఆ పని ఇప్పుడు నోట్ పేరూ లింకులూ చేస్తున్నాయి. ట్యాగుకు మిగిలింది పేరులోనూ లింకులోనూ ఇమడని రెండు సంగతులు: నోట్ ఏ సబ్జెక్టు నుంచి వచ్చింది, అది ఏ స్థితిలో ఉంది. `src/os`, `src/dbms` ఒక వైపు; `st/doubt`, `st/ok`, `st/photo` మరో వైపు. మొత్తం ఐదే. వాలుగీతతో రాసిన ట్యాగులను యాప్ ఒకదాని కింద ఒకటిగా చూపుతుంది కాబట్టి, `st` మీద నొక్కితే స్థితులన్నీ కలిపి వస్తాయి. ప్రతి సాయంత్రం `tag:#st/doubt` అని వెతికితే మర్నాడు అధ్యాపకులను అడగవలసినవి ముందుకొచ్చేవి. నిజంగా ప్రతిరోజూ వాడిన ట్యాగు అదొక్కటే.

జర్మన్ సమాజశాస్త్రవేత్త నిక్లాస్ లుహ్మన్ దశాబ్దాల పాటు సుమారు 90,000 చీటీలతో నడిపిన పెట్టెలోనూ పదసూచికలో ఒక్కో పదానికి కొద్ది చీటీల సంఖ్యలే ఉండేవి. అక్కడి నుంచి లోపలికి చీటీల మధ్య సంబంధాలే దారి చూపేవి. ట్యాగుల విషయంలో నాకు ధైర్యం ఇచ్చిన సంగతి ఇది.

పరీక్ష యూనిట్ల క్రమంలో జరుగుతుంది, లింకుల వలకు మాత్రం క్రమం ఉండదు. ఈ ఖాళీ పూడ్చడానికి ఒక్కో యూనిట్‌కు ఒక సూచిక నోట్ చేశాం. అందులో విషయం ఏమీ ఉండదు; చదవవలసిన వరుసలో నోట్‌ల లింకులు మాత్రమే ఉంటాయి. ఒకే నోట్ రెండు సూచికల్లో ఉండవచ్చు. సైకిల్ తేడా గురించిన నోట్ రెండు సబ్జెక్టుల సూచికల్లోనూ ఉంది, ఫోల్డర్లతో ఆ పని సాధ్యమయ్యేది కాదు.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు

ఆమె ఆలోచించేది తెలుగులో, పరీక్ష రాసేది ఇంగ్లీషులో. అందుకే పేరు తెలుగు వాక్యంగా ఉంచి, పరీక్షలో వాడే పదాన్ని `aliases` అనే మారుపేర్ల వరుసలో రాయించాను. రెండు చదరపు బ్రాకెట్లు తెరిచి ఆ ఇంగ్లీషు పదం కొట్టినా అసలు నోటే ముందుకొస్తుంది.

దీనితో మరో చిక్కు కూడా తీరింది. డెడ్‌లాక్ అన్న మాటను ల్యాప్‌టాప్‌లో టైప్ చేసినప్పుడు "డ్", "లా" విడివిడిగా ఉన్నాయి. ఫోనులో టైప్ చేసినప్పుడు "డెడ్లాక్" అని ఒత్తు పడింది. మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం ఉండడం, లేకపోవడమే తేడా. మనం రెంటినీ ఒకే మాటగా చదువుతాం గాని యాప్‌కు అవి వేరు మాటలు. రెండవదానితో లింకు వేస్తే అది లేని నోట్‌ను చూపుతుంది, నొక్కితే కొత్త ఖాళీ నోట్ పుడుతుంది. అలాంటి ఖాళీ నోట్‌లు రెండు పుట్టాకగాని మాకు కారణం తెలియలేదు. విభక్తి ప్రత్యయాలదీ ఇలాంటి ఇబ్బందే. "డెడ్‌లాక్‌కు" అని వాక్యంలో రాయాలంటే నిలువుగీత తర్వాత కనబడవలసిన రూపం రాయాలి:

```
[[నాలుగు షరతుల్లో ఒక్కటి తప్పినా డెడ్‌లాక్ రాదు|డెడ్‌లాక్‌కు]]
```

బ్యాక్‌లింక్ పేన్‌లో `Unlinked mentions` అనే భాగం ఉంటుంది. నోట్ పేరు గాని, మారుపేరు గాని లింకు లేకుండా ఇంకెక్కడ వచ్చిందో చూపుతుంది. వారానికి ఒకసారి ఆ జాబితా చూసి, కారణం ఒక వాక్యంలో చెప్పగలిగితేనే లింకుగా మార్చాలని అనుకున్నాం. చాలావాటిని మార్చలేదు.

పద్ధతి పనిచేయని చోట్లు

లెక్కలు ఈ పద్ధతికి లొంగలేదు. బ్యాంకర్స్ అల్గారిథమ్ లెక్కలో మ్యాక్స్ పట్టిక నుంచి అలొకేషన్ పట్టికను తీసేస్తేనే నీడ్ పట్టిక వస్తుంది; వాటిని విడదీస్తే చదివేటప్పుడు మళ్లీ కలుపుకోవలసి వచ్చింది. షెడ్యూలింగ్‌లోని గాంట్ చార్టులదీ అదే పరిస్థితి. చేసిన లెక్కను మొత్తంగా ఒకే నోట్‌లో ఉంచి, అది వాడుకున్న సూత్రానికి మాత్రం లింకు ఇచ్చాం.

ఫోటోల్లోని పాఠాన్ని టైప్ చేయించలేదు. బొమ్మ అవసరమైన నోట్‌లో ఫోటోను అలాగే చూపించి, కింద ఆ బొమ్మ చెబుతున్నదేమిటో రెండు వాక్యాలు రాయమన్నాను. ఆ రెండు వాక్యాలు రాయలేకపోయిన ఫోటోలకు `st/photo` ట్యాగు పడింది. చివరికి అరవైలో ఇరవై రెండు మాత్రమే నోట్‌లలోకి వచ్చాయి.

నెట్‌వర్క్స్‌ను అసలు ముట్టుకోలేదు. రెండున్నర వారాలే మిగిలాయి. ఆ సబ్జెక్టు నోట్స్ అంతా ఇతరులు రాసిన పీడీఎఫ్‌లే. తను రాసుకోని మాటను ముక్కలు చేయడం చదవడానికి బదులు కాదని, ఆ సమయాన్ని పీడీఎఫ్‌లు చదవడానికే పెట్టమని చెప్పాను.

పరీక్షలకు ముందు

పరీక్షలకు ఐదు రోజుల ముందు, మొదటి రోజు చేసిన పరీక్షే మళ్లీ చేశాను, వేరే ప్రశ్నలతో. రెండు సబ్జెక్టుల్లో కలిపి 134 నోట్‌లు ఉన్నాయి. మూడు ప్రశ్నల్లో రెండింటికి కావలసినవన్నీ రెండు నిమిషాల లోపే బయటికి వచ్చాయి. మూడవది ఇండెక్సింగ్ గురించి. దానికి మూడు నోట్‌లు దొరికాయి గాని, బీ-ప్లస్ ట్రీలో నోడ్ విడిపోయే పద్ధతి వాటిలో లేదు. ఇంతకుముందైతే ఆ ఖాళీ ఆమెకు పరీక్ష హాలులో తెలిసేది. మార్కుల గురించి నేనేమీ అనను, ఒక్క సెమిస్టర్ మార్కులకు కారణాలు చాలా ఉంటాయి.

ఆ తర్వాత వచ్చిన విద్యార్థులతో నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. ఉన్న నోట్స్‌ను కోయమని ఎవరికీ చెప్పడం లేదు, నోటితో జవాబు చెప్పించే మొదలుపెడుతున్నాను. మొదటి వారంలో గ్రాఫ్ వ్యూ తెరవనివ్వడం లేదు, దాని దట్టం చూసి పని అయిపోయిందనుకోవడం నాకూ ఆమెకూ జరిగింది కాబట్టి.

తర్వాతి సెమిస్టర్ మూడవ వారంలో ఆమె మళ్లీ వచ్చింది. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ తరగతిలో డెడ్‌లాక్ గుర్తింపు మొదలైందట. కొత్త నోట్ ఒకటి తెరిచి చూపించింది. అందులో వెయిట్-ఫర్ గ్రాఫ్‌కు ఒక లింకు, పక్కన "ఇక్కడ గ్రాఫ్ మొత్తం ఏ ఒక్క యంత్రం దగ్గరా ఉండదు" అన్న వాక్యం, పైన `st/doubt` ట్యాగు ఉన్నాయి.